ఎక్కే గీతలకే ఎంట్రీ పాస్

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న అద్దాల మేడలకు మార్చి నెలలో ఒక పూనకం వస్తుంది. అప్రైజళ్ల ఏడుపులు ఒక పక్క, ఆర్థిక సంవత్సరం ముగింపు లెక్కలు మరో పక్క. ఈ గోలలో హఠాత్తుగా ఎవరికో గుర్తొస్తుంది: మనం ఒక సర్కారు బడిని దత్తత తీసుకున్నాం కదా, ఆ పిల్లలు ఏమయ్యారు? పిల్లల మీద బెంగ కాదు. బోర్డు మీటింగుకు స్లైడు కావాలి.

స్లైడుకు చట్టం అండ ఉంది. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంటుంది అది. 2021 జనవరిలో దానికి ఇంకో ముడి పడింది. ఈ బాధ్యత సగటున 10 కోట్లు లేదా అంతకు మించి ఉన్న కంపెనీ, కోటి రూపాయలు లేదా అంతకు మించి పెట్టిన పనుల ప్రభావాన్ని బయటి సంస్థ చేత కొలిపించి ఆ నివేదికను బోర్డు ముందు పెట్టాలి. కోటి కన్నా తక్కువ పనులకు ఈ నియమం లేదు. అయినా డెక్ లేకుండా ఈ కారిడార్‌లో టీ కూడా ముందుకు కదలదు కనుక, చిన్నాచితకా పనులకూ డెక్ తయారవుతుంది. అందులో పదో స్లైడులోనో, పదకొండో స్లైడులోనో 'ముందు, తర్వాత' అనే బొమ్మ ఉంటుంది. నా గొడవ ఆ బొమ్మతోనే.

ఒక కంపెనీని, ఒక బడిని ఊహించుకుందాం. రెండూ నా కల్పనే, అంకెలూ కల్పనే. లీగల్ డిపార్ట్‌మెంట్ల వాళ్లు నిశ్చింతగా పడుకోవచ్చు. బడిలో ఐదు సెక్షన్లు: 6ఎ, 6బి, 7ఎ, 7బి, 8ఎ. జూన్‌లో బడి తెరవగానే గణితంలో 50 మార్కులకు ఒక పరీక్ష పెట్టారు. శుక్రవారం శుక్రవారం టీషర్టులేసుకున్న వాలంటీర్లు వెళ్లి పాఠాలు చెప్పారు, సెల్ఫీలు దిగారు. ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష. తరగతి సగటులు ఇలా వచ్చాయి: 6ఎ 21 నుంచి 27, 6బి 24 నుంచి 25, 7ఎ 28 నుంచి 31, 7బి 19 నుంచి 29. ఇక 8ఎ 33 నుంచి 30.

మామూలుగా ఏం చేస్తారంటే, ఐదు తరగతుల సగటుకు మళ్లీ సగటు తీస్తారు. ముందు 25, తర్వాత 28.4. రెండు కడ్డీలు నిలబెడతారు. 25 పక్కన 28.4 నిలబెడితే పెద్ద తేడా కనిపించదు, బోర్డు ఆవలిస్తుంది. అందుకని నిలువు స్కేలును సున్నా నుంచి కాకుండా 24 నుంచి మొదలుపెడతారు. అప్పుడు మొదటి కడ్డీ ఎత్తు 1, రెండో కడ్డీ ఎత్తు 4.4. చూసినవాళ్లకు పిల్లల తెలివి నాలుగింతలు దాటినట్టుంటుంది. పక్కన ఆకుపచ్చ బాణం, దాని కింద టీషర్టుల ఫొటో. ఐదు తరగతుల కథ రెండు కడ్డీల్లో సమాధి అయింది. 8ఎ పడిపోయిందన్న సంగతి ఆ సమాధి అడుగున ఉంది.

ఈ సమాధిని తవ్వే బొమ్మ ఒకటుంది. దాని పేరు స్లోప్ చార్ట్. ఎడ్వర్డ్ టఫ్టీ అనే అమెరికన్ 1983లో వేసిన తన పుస్తకంలో దాన్ని చూపించాడు. 15 దేశాలు, 1970 ఒక పక్క, 1979 ఒక పక్క. ప్రభుత్వ ఆదాయం దేశ ఉత్పత్తిలో ఎంత శాతమో రెండు పక్కలా అంకెలు, మధ్యలో సన్నటి గీతలు. రంగుల్లేవు, గళ్లూ లేవు. చాలా దేశాల గీతలు పైకి పోతుంటే బ్రిటన్ గీత మాత్రం కిందికి దిగుతుంది. ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేదు, కన్నే అక్కడికి పోతుంది.

మన ఐదు తరగతులకూ అదే చెయ్యండి. రెండు నిలువు గీతలు గీయండి: ఎడమది జూన్, కుడిది ఫిబ్రవరి. రెంటికీ ఒకే స్కేలు. ప్రతి తరగతికి ఎడమ పక్క ఒక చుక్క, కుడి పక్క ఒక చుక్క, వాటిని కలుపుతూ ఒక గీత. చివర్లలో తరగతి పేరూ అంకే రాయండి. అంతే. గీత వాలు ఎంతుంటే మార్పు అంత. గీతలు ఒకదాన్నొకటి దాటాయంటే తరగతుల స్థానాలు మారాయని అర్థం. మన బడిలో 7బి అట్టడుగు నుంచి లేచి 6ఎ, 6బి గీతలను దాటుకుని మూడో స్థానానికి వచ్చింది. పైనున్న 8ఎ దిగింది, 7ఎ దాన్ని దాటి మొదటిదైంది. 6బి దాదాపు చదునుగా పడుకుంది. రెండు కడ్డీల్లో ఇవేవీ లేవు. ఐదారు తరగతులకు ఇంతకన్నా మంచి బొమ్మ నాకు తెలియదు. తరగతులు పదీ పన్నెండూ దాటితే మాత్రం ఇది పిల్లి చిందరవందర చేసిన దారపు ఉండ అవుతుంది. అక్కడ వేరే బొమ్మ చూసుకోవాలి.

ఇక మన కంపెనీలో ఈ బొమ్మకు పట్టిన గతి చూద్దాం.

పని ఒక కొత్త కుర్రాడి మీద పడింది. ఎక్సెల్‌లో ఐదు వరుసలు, రెండు నిలువు వరుసలు పెట్టి, లైన్ చార్ట్ నొక్కాడు. వచ్చిందేమిటి? అడుగున 6ఎ, 6బి, 7ఎ, 7బి, 8ఎ వరసగా నిలబడ్డాయి. వాటి మీద రెండు వంకర గీతలు, ఒకటి జూన్‌ది, ఒకటి ఫిబ్రవరిది. 6ఎ నుంచి 6బికి, అక్కడి నుంచి 7ఎకి గీత పోతోంది. 6ఎకీ 6బికీ మధ్య ఆ గీత మీద ఎవరున్నారు? కారిడార్‌లో నిలబెట్టిన పిల్లలా? వరుసలు ఎక్కువ, నిలువు వరుసలు తక్కువ ఉంటే ఎక్సెల్ తనంతట తాను అలాగే వేస్తుంది. చార్ట్ మీద కుడి క్లిక్ చేసి `Select Data` తెరిచి, అందులో `Switch Row/Column` నొక్కితే ఐదు గీతలు, రెండు స్థానాలు అవుతాయి. కుర్రాడు నొక్కాడు. తెలివైనవాడే. 8ఎ గీతకు ఎరుపు రంగు వేశాడు, మిగతావన్నీ బూడిద రంగు. అదీ సరైన పనే. ఒక్క గీతకే రంగు, ఆ రంగుకో కారణం.

డ్రై రన్‌లో మేనేజరు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఈ ఎర్ర గీత ఏంటి, కిందికి పోతోంది?"

"8ఎ సర్. 33 నుంచి 30కి వచ్చింది."

"అది నాకూ కనిపిస్తోందిలే. బోర్డుకు కనిపించడమెందుకు అంటున్నా."

"డేటా అలాగే ఉంది సర్."

"అది ఔట్‌లయర్ రా బాబూ. తీసెయ్. స్టోరీ క్లీన్‌గా ఉండాలి."

ఒక్క డిలీట్ బటన్ విలువ ఎంతో చూడండి. 8ఎ ఉన్నప్పుడు సగటు 25 నుంచి 28.4, అంటే 13.6 శాతం పెరుగుదల. 8ఎ పోగానే మిగిలిన నాలుగింటి సగటు 23 నుంచి 28. దాదాపు 22 శాతం. ఏ వాలంటీరూ బడికి వెళ్లలేదు, ఏ పిల్లవాడూ కొత్తగా ఒక్క లెక్క చెయ్యలేదు. ఏసీ గదిలో కూర్చుని 8 పాయింట్లు సంపాదించారు. ఐదింటిలో ఒకదాన్ని ఔట్‌లయర్ అనడానికి గణాంకశాస్త్రం ఒప్పుకోదు గానీ, హైటెక్ సిటీలో ఒప్పుకోనిదంటూ ఏముంది? సర్వర్ లాగులో ఒక ఎర్ర లైను కనిపిస్తే అర్ధరాత్రి మూడింటికి ఆరుగురిని కాల్‌లోకి లాగే మనుషులు వీళ్లే. పిల్లల మార్కుల్లో ఎర్ర లైను కనిపిస్తే మాత్రం లైను చెరిపేస్తారు, సిస్టమ్ బాగైపోతుంది.

తీసెయ్యడానికి మనసొప్పని సున్నిత హృదయులు కూడా ఉంటారు. వాళ్లకు వేరే విద్య ఉంది. స్కేలులో ఒక మార్కుకు 4 మిల్లీమీటర్లు పెట్టామనుకోండి. 6ఎ పెరిగింది 6 మార్కులు, అంటే 24 మిల్లీమీటర్ల ఎత్తు. రెండు నిలువు గీతల మధ్య దూరం కూడా 24 మిల్లీమీటర్లే అయితే 6ఎ గీత 45 డిగ్రీల కోణంలో రాకెట్‌లా లేస్తుంది. ఆ దూరాన్ని 96 మిల్లీమీటర్లకు సాగదీస్తే అదే గీత 14 డిగ్రీలకు పడుకుంటుంది. ఆరు మార్కులు ఆరు మార్కులే. మారిందల్లా స్లైడు మూల పట్టుకుని లాగిన చెయ్యి. విలియం క్లీవ్‌లాండ్ అనే గణాంకవేత్త గీతల వాలును కన్ను ఎలా చదువుతుందో పరిశోధించి, 45 డిగ్రీల దగ్గర తేడాలు బాగా పట్టుబడతాయని చెప్పాడు. మనవాళ్లు దాన్ని తమకు నచ్చినట్టు తీసుకున్నారు: మన గీతలకు 45, పోటీ కంపెనీ గీతలకు 14. అందుకే ఒకే బొమ్మలోని గీతలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు గానీ, ఈ డెక్‌లోని వాలును ఆ డెక్‌లోని వాలుతో పోల్చకూడదు. చివర్లలో అంకెలు రాయమనేది ఇందుకే. కోణం అబద్ధమాడినా అంకె పట్టిస్తుంది.

ఆ అంకెల దగ్గరా ఒక తంటా ఉంది. మన బొమ్మలో కుడి పక్క 31, 30, 29 ఒకదాని కింద ఒకటి ఇరుక్కుంటాయి. పది పాయింట్ల అక్షరం ఎత్తు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. మార్కుకు 4 మిల్లీమీటర్లు ఇస్తే పేర్లు ఇరుగ్గానైనా పడతాయి. 2 మిల్లీమీటర్లే ఇస్తే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. అప్పుడు పేరును కొంచెం పైకో కిందికో జరపాలి. చుక్కను జరపకూడదు. మన మేనేజరు చుక్కనే జరపమంటాడు, అలైన్‌మెంట్ బాగుంటుందట.

ఇదంతా కంటికి సంబంధించిన మోసం, చిన్న పిల్లల ఆట. అసలు మోసం చుక్కలోనే దాగి ఉంటుంది, దాన్ని పట్టడానికి స్కేలు చాలదు.

7బిని చూడండి. 19 నుంచి 29. పది మార్కులు! డెక్‌లో దానికి ప్రత్యేకంగా ఒక స్లైడు, 'పరివర్తన గాథ' అని శీర్షిక. ఆ తరగతికి వెళ్లిన వాలంటీరుకు స్పాట్ అవార్డు, ఐదొందల గిఫ్ట్ కార్డు. ఇక హాజరు పట్టిక తీయండి. జూన్‌లో పరీక్ష రాసినవాళ్లు 40 మంది. ఫిబ్రవరిలో రాసినవాళ్లు 26 మంది. తక్కిన 14 మంది ఏరి? ఈ కారిడార్ చుట్టుపక్కల సర్కారు బళ్లలో ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కువ దూరం వెతకనక్కర్లేదు. కొత్త టవరు కట్టే మేస్త్రీల పిల్లలు, కూలీల పిల్లలు. ఒక సైటు అయిపోగానే కుటుంబం ఇంకో సైటుకు పోతుంది. ఏ మేడ పదో అంతస్తులో ఈ స్లైడు తయారవుతోందో ఆ మేడ కట్టినవాళ్ల పిల్లలే అయినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు లెక్క. జూన్‌లో 40 మంది సగటు 19, అంటే మొత్తం 760 మార్కులు. వెళ్లిపోయిన 14 మందికి జూన్‌లో వచ్చిన సగటు 6, అంటే 84. మిగిలిన 26 మంది మార్కులు 676, సగటు 26. అంటే ఇప్పుడు బడిలో ఉన్న పిల్లలు జూన్‌లోనే 26 దగ్గర ఉన్నారు. ఫిబ్రవరికి 29కి వచ్చారు. పెరిగింది మూడు మార్కులు. మిగతా ఏడు మార్కుల 'పరివర్తన' వెనకబడ్డ పిల్లలు బడి మానేయడం వల్ల వచ్చింది. ఈ లెక్కన తరగతిని గొప్పగా బాగుచెయ్యాలంటే పాఠాలెందుకు, బలహీనమైన పిల్లలను గేటు బయట నిలబెడితే చాలు. గీత ఇంకా నిటారుగా లేస్తుంది.

చుక్క రెండు పక్కలా ఒకే పిల్లలదై ఉండాలి. స్లోప్ చార్ట్ మీద ఉన్న మొట్టమొదటి షరతు ఇది. గీత గీశామంటే 'ఇదే ఇలా మారింది' అని ప్రమాణం చేస్తున్నట్టు. ఎడమ పక్క 40 మందీ కుడి పక్క 26 మందీ ఉంటే అది గీత కాదు, దొంగ సాక్ష్యం. రోల్ నంబరు వారీగా రెండు పరీక్షలూ రాసినవాళ్లను మాత్రమే తీసుకుని సగటు కట్టాలి, ఎంతమంది తగ్గారో పేరు పక్కనే రాయాలి. ప్రశ్నపత్రాలూ ఒకే బరువువి కావాలి. ముందు కఠినమైన పేపరిచ్చి తర్వాత తేలికైనది ఇస్తే ఏ కంపెనీ వాలంటీర్లయినా అవతార పురుషులే.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. మన రాష్ట్రంలోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో, ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పల్లెల్లోని 500 సర్కారు ప్రాథమిక బడులతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందన్నది అందులో ఒక ప్రశ్న. మొదటి ఏడాది ఆ బోనస్ సూత్రం ఇలా ఉంది: సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే, ఆ పైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. డబ్బు ముడిపడింది కనుక టీచర్లు ఏమేం చెయ్యగలరో ముందే ఆలోచించారు. మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని పిల్లవాడిని లెక్కలోంచి తీసెయ్యలేదు. వాడి పెరుగుదల సున్నా అని వేశారు. బలహీనుణ్ని ఇంట్లో కూర్చోబెట్టి సగటు పెంచుకునే దారి అక్కడే మూసుకుపోయింది. పరీక్ష పెట్టింది బడి టీచర్లు కారు, బయటి నుంచి వచ్చిన బృందాలు. రాస్తున్నది ఆ పిల్లవాడేనా కాదా అని కూడా సరిచూశారు.

ఆ సున్నా సూత్రం మన 7బికి పెట్టి చూడండి. 26 మందికి తలా మూడు, 14 మందికి సున్నా. 78ని 40తో భాగిస్తే రెండు మార్కులకు కాస్త తక్కువ. పరివర్తన గాథ పది నుంచి రెండుకు దిగింది. గిఫ్ట్ కార్డు వెనక్కి అడగాలా వద్దా అన్నది హెచ్‌ఆర్ వాళ్ల ఇష్టం.

ఆ అధ్యయనంలో నన్ను కట్టిపడేసేది వేరే విషయం. వాళ్లు బోనస్ బడుల్లో జూన్ మార్కులనూ మార్చి మార్కులనూ పోల్చి 'చూశారా పెరిగాయి' అని చప్పట్లు కొట్టుకోలేదు. లాటరీ పద్ధతిలో కొన్ని బడులకు బోనస్ ఇచ్చి, కొన్నింటికి ఏమీ ఇవ్వకుండా వదిలి, రెంటి మధ్య తేడా చూశారు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారని 2011లో ప్రచురించారు. ఎందుకింత శ్రమ? ఎందుకంటే బడికి వచ్చే ప్రతి పిల్లవాడూ జూన్ కన్నా ఫిబ్రవరిలో ఎంతో కొంత ఎక్కువ నేర్చుకునే ఉంటాడు. జూన్ పరీక్ష వేసవి సెలవుల మరుపు మీద పెట్టింది. ఎక్కాలు కూడా మామిడి తోటల్లో వదిలేసి వస్తారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు సర్కారు జీతం తీసుకునే ఒక టీచరమ్మ రోజూ వచ్చి పాఠం చెప్పింది. వాలంటీర్లు వచ్చింది శుక్రవారాలే. గీత లేచింది, పేరు మాత్రం టీషర్టు మీది లోగోకు దక్కింది.

కాబట్టి మన బొమ్మలో ఇంకో గీత ఉండాలి. కంపెనీ అడుగుపెట్టని పక్క బడిది. అదే పేపరు, అదే నెలలు. ఆ బడి సగటు 24 నుంచి 26కి పెరిగిందనుకుందాం. చుక్కల గీతగా, బూడిద రంగులో వెయ్యండి. ఇప్పుడు మన ఐదు తరగతులను నిజాయితీగా గీద్దాం, 7బిని 26 నుంచి 29కి సరిదిద్ది. మిగతా తరగతుల్లో ఎవరూ మానలేదనుకుందాం. పెరుగుదలలు 6, 1, 3, 3, ఇక 8ఎది మైనస్ 3. కలిపితే 10, ఐదుతో భాగిస్తే 2. పక్క బడి పెరిగిందీ 2. టీషర్టుల ఫలితం ఎంతో మీరే తీసివేసుకోండి.

నిజం చెప్పాలంటే ఇంత చిన్న లెక్కలో ఆ సున్నాను కూడా నేను పూర్తిగా నమ్మను. ఐదు తరగతులు, ఒక్క పక్క బడి. పరీక్ష రోజు వాన పడినా ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. పైనున్న 8ఎ జూన్‌లో అదృష్టం కలిసొచ్చి 33 తెచ్చుకుందేమో, ఫిబ్రవరిలో తన మామూలు చోటికి వచ్చిందేమో. బడులను ఎంచేటప్పుడే ఆ రోజు అట్టడుగున ఉన్నవాటిని ఏరి తెస్తే, ఏమీ చెయ్యకపోయినా వాటిలో కొన్ని తర్వాత లేస్తాయి. బొమ్మ కారణం చెప్పదు. ఏ తలుపు తట్టాలో చూపిస్తుంది. 6ఎలో ఆరు మార్కులు ఎలా వచ్చాయో అక్కడి టీచర్ని అడగాలి. 8ఎ తలుపు తడితే, లెక్కల సారు డెప్యుటేషన్ మీద వెళ్లారనో, శుక్రవారాల 'లైఫ్ స్కిల్స్' క్లాసు పెట్టింది గణితం పీరియడులోనేననో తెలియవచ్చు. రెండో సంగతి బయటపడితే డెక్‌లో ఏ స్లైడుకూ పట్టదు.

డెక్ మాత్రం బోర్డుకు వెళ్లింది. నాలుగు గీతలు, నాలుగూ ఆకుపచ్చ, నాలుగూ పైకే. 45 డిగ్రీలు. పక్క బడి గీత లేదు. 'డేటా అందుబాటులో లేదు' అని అడుగున చిన్న అక్షరాల్లో కూడా రాయలేదు. పక్క బడిలో పరీక్ష పెట్టడానికి బడ్జెట్ లేదట. 2022 సవరణ ప్రకారం ప్రభావం కొలవడానికి సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం గానీ 50 లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా అదే పద్దులో రాసుకోవచ్చు. ప్రశ్నపత్రాల జిరాక్సులకూ, రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి 8ఎ దాకా ఆటో చార్జీలకూ అందులో సరిపోతుంది.